సాలినాయిడ్ బయట ఫీల్డ్ లేకున్నా వెక్టర్ పొటెన్షియల్ ఎందుకుంటది: లెక్క చేసి, వైరు చుట్టి, కొలిచి చూసుడు ఎట్ల

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డయంటే చాలు ఇదే ప్రశ్న. "సార్, సాలినాయిడ్ బయట B సున్నా అని మీరే చెప్పిన్రు, మరి A సున్నా ఎందుకు కాదు?" పోయిన వారం నల్గొండ బస్టాండ్‌ల దేవరకొండ బస్సు కోసం నిలబడితే ఒక పాత స్టూడెంట్ కలిసి మళ్ల ఇదే అడిగిండు, చేతిల ఉన్న పల్లీల పొట్లం విప్పి ఆ కాగితం మీదనే గీసి చూపిచ్చిన, బస్సు వచ్చింది, సగంల ఆగిపోయింది. ఇగ పూర్తిగ రాస్తే అందరికీ ఒకటేసారి పంపొచ్చని ఇది రాస్తున్న.

ముందు పేపరు మీద లెక్క, తర్వాత పైపుకు వైరు చుట్టి మీటరుతోని కొలుసుడు. వైరు చుట్టే ఓపిక లేనోళ్లు 5వ స్టెప్ దాకా చేసి ఆపినా పరీక్షకు సరిపోతది.

ఏమేం కావాలె

పేపరు లెక్కకు: ఆంపియర్ లా తెలిసుండాలె, స్టోక్స్ సిద్ధాంతం పేరుకు తెలిసినా చాలు.

చేసి చూడనీకె:
- 50 మి.మీ. పీవీసీ పైపు, 60 సెం.మీ. ముక్క (బోరు పనులు చేసేటోళ్ల దగ్గర కోసి మిగిలిన ముక్కలు మస్తుగ ఉంటయి)
- 20 గేజ్ ఎనామిల్ రాగి వైరు, అరకిలోకు కొద్దిగ ఎక్కువ. మోటర్ వైండింగ్ షాపుల తూకం మీద ఇస్తరు
- 6 వోల్టుల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, కనీసం 3 ఆంపియర్లది
- 1 ఓము, 10 వాట్ల రెసిస్టర్
- పికప్ కాయిల్ కోసం ఏదన్నా సన్న వైరు, ఒక 25 మీటర్లు
- ఏసీ మిల్లీవోల్టులు చూపించే మల్టీమీటర్

ఆఖరిది జాగ్రత్తగ చదవండి. చీప్‌గ దొరికే పసుపు రంగు మీటర్లల్ల ఏసీకి 200, 750 వోల్టుల రేంజిలే ఉంటయి. మనం కొలిచేది 30 మిల్లీవోల్టులు. దాంట్ల సున్నానే కనిపిస్తది, సిద్ధాంతమే తప్పనుకుంటరు. నేను మొదటిసారి గట్లనే ఒక సాయంత్రమంత పాడు చేసుకున్న.

1. ముందు లావు వైరు లెక్క గుర్తు చేసుకోండి

సాలినాయిడ్ జోలికి ఇప్పుడే పోవద్దు. పొడుగు, లావు రాగి కడ్డీ ఒకటి తీసుకోండి, దాని అడ్డకోత మొత్తంల కరెంటు సమానంగ పోతున్నది. కడ్డీ లోపల B మధ్య నుంచి దూరంతోని పెరుగుతది, బయటికి వచ్చినంక 1/s లెక్కన తగ్గుతది (s అంటే మధ్య గీత నుంచి దూరం). ఇది ఇంటర్‌లనే చేసిన్రు.

ఇప్పుడు ఒక్క మాట అడుగుత. కడ్డీ బయట గాలిల కరెంటు ఉన్నదా? లేదు. మరి అక్కడ B ఎందుకున్నది? ఈ ప్రశ్న మీకు ఎన్నడూ రాలే, ఎందుకంటే లూప్ గీస్తే లోపల కరెంటు చిక్కుతది కాబట్టి B ఉంటదని మీకు అలవాటైపోయింది. సాలినాయిడ్ కథ కూడా అక్షరం పొల్లు పోకుండ ఇదే, పేర్లు మారినయి గంతే:

```
curl B = μ0 J    ->   ∮ B·dl = μ0 × (లూప్ లోపలి కరెంటు)
curl A = B       ->   ∮ A·dl = లూప్ లోపలి ఫ్లక్స్ Φ
```

కరెంటు ఉన్న కాడ B రాసుకోండి, B ఉన్న కాడ A రాసుకోండి. లావు కడ్డీ లోపల నిండ కరెంటు, సాలినాయిడ్ లోపల నిండ ఫ్లక్స్. కడ్డీ బయట కరెంటు లేకున్నా B ఉన్నట్టే, సాలినాయిడ్ బయట B లేకున్నా A ఉంటది. నా వరకు అసలు సంగతి మొత్తం ఇక్కడనే అయిపోయింది, కింద అంతా దీన్ని గట్టి చేసుకునుడే.

2. అంకెలు పెట్టుకోండి

ఉత్త అక్షరాలతోని చేస్తే తప్పు చేసినా తెల్వదు. మన పైపు లెక్కనే తీసుకుందాం: వ్యాసార్ధం R = 2.5 సెం.మీ., మీటరుకు 1000 చుట్లు, కరెంటు 2 ఆంపియర్లు.

```
B = μ0 n I = 4π×10⁻⁷ × 1000 × 2 = 2.51×10⁻³ T
Φ = B π R² = 4.93×10⁻⁶ Wb
```

3. లోపల ఒక లూప్, బయట ఒక లూప్

కరెంటు పైపు చుట్టూ తిరుగుతది కాబట్టి A కూడా అదే దిక్కుల చుట్టూ తిరుగుతదని తీసుకోండి. ఎటు చూసినా ఒకటే తీరు ఉండేటి సాలినాయిడ్ కదా, ఒకే దూరంల A అంతటా సమానం. అప్పుడు ∮A·dl అంటే A × 2πs, గంతే.

లోపల, s చిన్నగున్నప్పుడు, లూప్‌ల చిక్కేది B × πs². కాబట్టి A = Bs/2.

బయట, లూప్ ఎంత పెద్దగ గీసినా చిక్కే ఫ్లక్స్ పైపు లోపలిదే, అంటే B × πR². కాబట్టి A = BR²/(2s).

ఎక్కువ మార్కులు పోయేది ఈడనే. బయట లూప్‌కు కూడా Bπs² అని రాస్తరు, ఎందుకంటే లూప్ వ్యాసార్ధం s కదా అని చేయి అలవాటుగ పోతది. లూప్ పెద్దదైనంత మాత్రాన ఫ్లక్స్ పెరగదు, పైపు బయట B లేదు కదా. అట్ల రాస్తే దూరం పోయిన కొద్దీ A పెరుగుకుంట పోతది, అది చూసినప్పుడన్నా అనుమానం రావాలె.

మన అంకెలతోని:

```
s = 1 cm    A = 1.26×10⁻⁵ T·m
s = 2.5 cm  A = 3.14×10⁻⁵ T·m   (రెండు ఫార్ములాలతోని ఒకటే)
s = 5 cm    A = 1.57×10⁻⁵ T·m
s = 10 cm   A = 0.785×10⁻⁵ T·m
```

అంచు దగ్గర, అంటే s = R కాడ, రెండు ఫార్ములాలు ఒకటే విలువ ఇయ్యాలె. ఇయ్యలేదంటే ఏదో ఒకటి తప్పు రాసిన్రు. గ్రాఫ్ గీస్తే లోపల తిన్నటి గీత లెక్క ఎక్కి, అంచు కాడ కొన తేలి, బయట వంగుకుంట దిగుతది. ఆ కొన తప్పు కాదు, చెరిపి నున్నగ గీయకండి. వాలు లోపల +B/2, బయట −B/2, తేడా సరిగ్గ B. అంచు మీద పారే కరెంటు వల్లనే ఆ విరుపు వస్తది.

4. బయట కర్ల్ సున్నా అవుతున్నదా, చేతితోనే చూసుకోండి

"A మారుతున్నది, అంటే డెరివేటివ్ ఉన్నది, అంటే B ఉన్నది కదా" అని కొందరు అడుగుతరు. ఉత్త dA/ds తీస్తే గట్లనే అనిపిస్తది. గుండ్రటి కోఆర్డినేట్లల్ల కర్ల్‌కు ఒక s గుణకం లోపల ఉంటది:

```
B_z = (1/s) d(s A)/ds
```

బయట sA అంటే BR²/2, స్థిరం. స్థిరానికి డెరివేటివ్ సున్నా. లోపల sA = Bs²/2, డెరివేటివ్ Bs, దాన్ని s తోని భాగిస్తే B. రెండూ సరిపోయినయి.

ఫార్ములా మీద నమ్మకం లేకుంటే ఇట్ల చేయండి. బయట, పైపును చుట్టకుండ, దోశ ముక్క కోసినట్టు పావు వంతు ముక్క గీయండి, లోపలి వంపు 5 సెం.మీ. దూరంల, బయటి వంపు 10 సెం.మీ. దూరంల. ఇప్పుడు దాని అంచు పట్టుకుని ఒక రౌండు తిరగండి. బయటి వంపు పొడుగు 15.7 సెం.మీ., అక్కడ A 0.785×10⁻⁵, గుణిస్తే 1.23×10⁻⁶. తిరిగొచ్చేటప్పుడు లోపలి వంపు పొడుగు సగమే, 7.85 సెం.మీ., కానీ అక్కడ A రెండింతలు, గుణిస్తే మళ్ల 1.23×10⁻⁶, ఎదురు దిక్కుల కాబట్టి మైనస్. పక్కల నిటారు గీతల మీద A అడ్డంగ ఉంటది, ఏం కలవదు. మొత్తం సున్నా.

పొడుగు ఎంత పెరిగిందో A అంతే తగ్గింది, అందుకే పైపును చుట్టని ఏ ముక్క తీసుకున్నా సున్నా. అదే పైపును చుట్టి ఒక పూర్తి రౌండు తిరిగితే కొట్టేయనీకె లోపలి వంపు ఉండదు, మొత్తం Φ మిగులుతది. కర్ల్ అనేది చిన్న ముక్కల లెక్క, ఆ ఒక్క చోట ఏమున్నదో చెప్తది. A సున్నానా కాదా అనేది దానితోని తేలదు.

5. "గేజ్ మార్చి బయట సున్నా చేస్తా" అనేటోళ్లకు

(వైండింగ్ షాపాయన చెప్పే గేజ్ వేరు, ఇది వేరు. ఒక పిల్లగాడు నిజంగనే కలిపిండు.)

A కి ఏదన్నా ఫంక్షన్ గ్రేడియెంట్ కలిపినా B మారదు, కాబట్టి బయట A ని తీసేసే గ్రేడియెంట్ ఒకటి కలుపుతనని తెలివైన పిల్లలు అంటరు. అడగాల్సిన ప్రశ్ననే. చేసి చూద్దాం, అన్ని చోట్లా BR²/(2s) తీసేయండి. బయట A సున్నా అయింది, మంచిదే. లోపల చూడండి: Bs/2 − BR²/(2s). నడిమిట్ల, s సున్నా కాడ, ఇది పేలిపోతది. నడిమిట్ల చిన్న లూప్ గీసి కొలిస్తే −Φ వస్తది. అంటే మీరు గేజ్ మార్చలే, పైపు నడుమ ఎదురు ఫ్లక్స్ ఉన్న సన్నటి తీగ ఒకటి దూర్చిన్రు. అది వేరే సమస్య అయిపోయింది.

లోపల ముట్టుకోకుండ బయట మాత్రమే తీసేస్తే? అప్పుడు అంచు కాడ A ఒక్కసారిగ 3.14×10⁻⁵ నుంచి సున్నాకు దుంకుతది, ఆ దుంకుడంటే అంచు మీద అనంతమైన B పొర. అది కూడా మన సాలినాయిడ్ కాదు.

అడ్డం ఏందంటే, బయట A ఏ ఫంక్షన్ గ్రేడియెంటో అది (Φ/2π)×కోణం. కోణం ఒక రౌండు తిరిగొస్తే 2π పెరిగి వస్తది, బయలుదేరిన విలువకు రాదు. నిజమైన గేజ్ మార్పుల ఒక రౌండు తిరిగొస్తే కలిపింది సున్నా కావాలె. కాబట్టి A ని అక్కడక్కడ తగ్గించొచ్చు, పెంచొచ్చు, ఒక పక్కకు నెట్టొచ్చు, కానీ చుట్టూ తిరిగి కూడితే Φ వచ్చుడు మాత్రం ఏ గేజ్‌ల అయినా ఆగదు. పైన రాసిన A డైవర్జెన్స్ సున్నా ఉండే గేజ్‌ల ఉన్నది, పరీక్షల అదొక్క ముక్క రాస్తే మంచిది.

6. సాలినాయిడ్ చుట్టండి

పైపు మీద 50 సెం.మీ. పొడుగు వరుసగ, సందు లేకుండ చుట్టండి. 20 గేజ్ వైరు ఎనామిల్‌తోని కలిపి దాదాపు 1 మి.మీ. ఉంటది, కాబట్టి 500 చుట్ల దాకా పడతయి. చేతితోని చుట్టినప్పుడు సందులు వస్తయి, 485 వచ్చినా బాధ లేదు, కానీ లెక్కపెట్టి రాసుకోండి. ఇద్దరుంటే మేలు, ఒకరు పైపు తిప్పాలె, ఒకరు వైరు బిగబట్టాలె.

వైరు అటు చివర దాకా పోయినంక, ఆ కొసను పైపు లోపలి నుంచి తిన్నగ వెనక్కి తెచ్చుకోండి. ఎందుకంటే స్ప్రింగు లెక్క చుట్టిన వైరుల కరెంటు చుట్టూ తిరుగుకుంటనే మెల్లగ పొడుగునా కూడా జరుగుతది, బయటి నుంచి చూస్తే మొత్తానికి 2 ఆంపియర్లు పైపు పొడుగునా పోయినట్టే. దాంతోని 5 సెం.మీ. దూరంల 8 మైక్రోటెస్లా ఫీల్డ్ వస్తది. వెనక్కి తెచ్చిన వైరు దాన్ని కొట్టేస్తది.

రెండు కొసల ఎనామిల్ బ్లేడుతోని బాగ గీకండి. రాగి మెరుపు కనిపించాలె.

ట్రాన్స్‌ఫార్మర్, 1 ఓము రెసిస్టర్, సాలినాయిడ్ ఒకే వరుసల కలపండి. కాయిల్ రెసిస్టెన్స్ 2 ఓముల దాకా ఉంటది, కాబట్టి కరెంటు 2 ఆంపియర్ల దగ్గర పడతది. కరెంటు కొలిచేతందుకు చీప్ మీటర్లల్ల ఏసీ ఆంపియర్ రేంజి ఉండదు, అందుకే ఆ 1 ఓము రెసిస్టర్. దాని మీద 2 వోల్టులు ఉంటే 2 ఆంపియర్లు.

హెచ్చరిక: గోడ ప్లగ్గుకు నేరుగ పెట్టకండి. 2 ఓముల కాయిల్ 230 వోల్టులకు షార్ట్ కిందనే లెక్క. 6 వోల్టుల మీద కూడా కాయిల్, రెసిస్టర్ వేడెక్కుతయి, రీడింగ్ తీసుకుని బంద్ చేయండి.

7. పికప్ కాయిల్ తోని కొలవండి

అట్ట ముక్కను గుండ్రంగ చేసి 5 సెం.మీ. వ్యాసార్ధంతోని 20 చుట్ల కాయిల్ ఒకటి, అడుగు కోసేసిన ప్లాస్టిక్ డబ్బా మీద 10 సెం.మీ. వ్యాసార్ధంతోని ఇంకొక 20 చుట్ల కాయిల్ చేసుకోండి. రేకు డబ్బా వాడొద్దు, ఆ రేకే ఒక చుట్టు లెక్క పని చేసి దాంట్ల కరెంటు పారి రీడింగ్ పాడు చేస్తది, పైగా ఇనుము.

కాయిల్‌ను పైపుకు తొడిగి, చుట్టిన పొడుగుకు సరిగ్గ మధ్యల పెట్టండి. మీటరుకు పోయే రెండు వైర్లను ఒకదాని చుట్టూ ఒకటి మెలేయండి, లేకుంటే అవే పైపు చుట్టూ ఇంకొక చుట్టు అయి కూర్చుంటయి.

ఏసీల A కూడా సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతది, A మారితే ఎలక్ట్రిక్ ఫీల్డ్ పుడుతది, E = −dA/dt. పికప్ వైరు ఉన్న చోట B దాదాపు లేదు, అయినా దాంట్ల ఎలక్ట్రాన్లను నెట్టేది ఇదే. లెక్క:

```
V = N × 2π f × Φ = 20 × 314 × 4.93×10⁻⁶ ≈ 31 mV
```

దీంట్ల s లేదు, గమనించిన్రా? E దూరంతోని 1/s తగ్గుతది, వైరు పొడుగు s తోని పెరుగుతది. మళ్ల ఆ దోశ ముక్క లెక్కనే.

నాకు వచ్చింది 5 సెం.మీ. కాయిల్‌కు 30 దాకా, 10 సెం.మీ. కాయిల్‌కు 28 చిల్లర. రెండూ ఒకటే రావాలె కదా, ఎందుకు రాలే అని మీకు అనుమానం రావాలె, అది వేడి వల్లనో మీటరు వల్లనో కాదు. మన సాలినాయిడ్ అనంతం కాదు, అరమీటరే. ఒక చివరి నుంచి వెళ్లిన ఫ్లక్స్ బయట తిరిగి ఇంకొక చివరికి వస్తది, పెద్ద లూప్‌ల ఆ తిరుగు ఫ్లక్స్ కొంత చిక్కి కొట్టేస్తది. మధ్యల ఉన్న లూప్‌కు ఎంత మిగులుతదంటే:

```
మిగిలే వంతు = h / √(h² + s²),   h = సాలినాయిడ్ సగం పొడుగు
```

h = 25 సెం.మీ. పెడితే, s = 5 కు 0.98, s = 10 కు 0.93. నా రెండు రీడింగ్‌ల తేడా దీంతోని సరిపోయింది. s = 25 కు పోతే 0.71 కు దిగుతది, అందుకే "పొడుగు సాలినాయిడ్" అనే మాటకు హద్దు ఇక్కడున్నది, పొడుగు ముందల లూప్ చిన్నగ ఉండాలె. 5 సెం.మీ. కాడ బయట మిగిలే B దాదాపు 12 మైక్రోటెస్లా, లోపలి దాంట్ల రెండు వందల వంతు.

8. ఇవి కూడా చేసి చూడండి

కాయిల్‌ను ఒక పక్కకు జరపండి, పైపు దాన్ని ఆనుకునేటట్టు. నలగ్గొట్టి కోడిగుడ్డు లెక్క చేయండి. రీడింగ్ దాదాపు కదలదు, ఫ్లక్స్ అంతే కదా.

ఇప్పుడు కాయిల్‌ను పైపు నుంచి తీసి, పక్కనే, ఆనుకునేటట్టు, అదే మధ్య ఎత్తుల పెట్టండి, ముఖం పైపు చివరల దిక్కు ఉండాలె. వైరు దగ్గర A ఇప్పుడు కూడా ఉన్నది, కానీ పైపును చుట్టలే. రీడింగ్ దాదాపు సున్నాకు పడిపోతది. మా దగ్గర ల్యాబ్‌ల ఇది చూసినంకనే పిల్లలు నోరు మూసిన్రు, అప్పటిదాకా "సార్ ఏదో లీకేజ్ ఫీల్డ్" అనుకుంటనే ఉన్నరు. నిజంగ లీకేజ్ ఫీల్డే కారణమైతే పక్కన పెట్టినప్పుడు కూడా 30 రావాలె కదా.

రీడింగ్ తేడా వస్తే

సున్నా వస్తే ముందు ఎనామిల్ గీకిన్రా చూడండి, తర్వాత మీటరు రేంజి. సగం వస్తే పికప్ కాయిల్ చుట్టుడు ఎక్కడో దిక్కు మారి ఉంటది, వైరు తెగి మళ్ల కలిపినప్పుడు ఈ తప్పు చేస్తరు. 4 శాతం ఎక్కువ వస్తే భయపడకండి, R అంటే పైపు అంచు కాదు, వైరు మందం మధ్య దాకా కొలవాలె, అది 2.55 సెం.మీ., ఫ్లక్స్‌ల R² ఉన్నది కాబట్టి తేడా రెండింతలై కనిపిస్తది. పది శాతం దాటి తక్కువ వస్తే రెసిస్టర్ మీద వోల్టేజ్ మళ్ల కొలవండి, కాయిల్ వేడెక్కి కరెంటు తగ్గి ఉంటది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలె. ఈ ప్రయోగంల మనం కొలిచింది ఒక చోట ఉన్న A ని కాదు, చుట్టూ కూడిన ∮A·dl ని, అదే గేజ్ మార్చినా మారనిది. ఏసీ ఉన్నది కాబట్టి E ద్వారా దొరికింది. కరెంటు మారకుండ డీసీ పెడితే మన మీటరుకు ఏమీ దొరకదు. అప్పుడు కూడా బయటి A పని చేస్తదా అంటే చేస్తది, కానీ దానికి ఎలక్ట్రాన్ తరంగం కావాలె: సాలినాయిడ్‌కు అటొక దారి, ఇటొక దారి పోయిన ఎలక్ట్రాన్ల మధ్య ఫేజ్ తేడా eΦ/ħ వస్తదని 1959ల అహరొనొవ్, బోమ్ రాసిన్రు, 1986ల జపాన్‌ల తొనొమురా బృందం ఫీల్డ్ అస్సలు బయటికి రాకుండ సూపర్‌కండక్టర్‌తోని కప్పిన చిన్న రింగు అయస్కాంతంతోని చూపిచ్చిన్రు. మన పైపు ఫ్లక్స్‌కు ఆ ఫేజ్ లెక్కగడితే ఏడు వందల కోట్ల రేడియన్లు పైనే వస్తది, కావాలంటే మీరే గుణించి చూసుకోండి.